కంప్యూటర్‌లో కారు కనబడిందని రేషన్ కార్డు రద్దయితే: నోటీసు, కారణం అడిగే తీరు

ప్రశ్న: "మాది వరంగల్ దిక్కు పల్లె. మా నాయిన రేషన్ కార్డు రెండు నెలల సంది ఆన్‌లైన్‌ల క్యాన్సిల్ అని చూపిస్తంది. డీలర్‌ను అడిగితే సిస్టంలనే పోయింది అంటడు. ఆఫీసుల అడిగితే, మీ నాయిన పేరు మీద కారు ఉన్నట్టు కంప్యూటర్ చూపిస్తంది, మేం తీసెయ్యలే, పైనుంచే పోయింది అంటున్నరు. మాకు ఉన్నది ఒక్క పాత బండి. కారు ఎక్కడిది? ఒక్క కాయితం ఇయ్యలేదు. కంప్యూటర్ తీసేసినదానికి ఎవరిని అడగాలె, ఏమని అడగాలె?"

సమాధానం:

నోటీసు ఇవ్వకుండా, మీ నాయిన చెప్పేది వినకుండా, కారణం రాసివ్వకుండా కార్డు తీసేస్తే ఆ రద్దు చట్టం ముందు నిలబడదు. కంప్యూటర్ చూపించింది అన్నంత మాత్రాన ఈ మూడింట్లో ఒక్కటి కూడా మాఫీ కాదు. మొదట తహసీల్దార్‌కు, జిల్లా పౌరసరఫరాల అధికారికి ఒకే దరఖాస్తు రెండు ప్రతులుగా ఇవ్వండి. ఈ ఇద్దరిలో ఒకరే రద్దుకు బాధ్యులు, ఎవరన్నది వాళ్లు తేల్చుకుంటారు. అదే రోజు సమాచార హక్కు చట్టం కింద ఫైలు ప్రతులు అడగండి. అక్కడ కదలిక లేకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆ తర్వాత రాష్ట్ర ఆహార కమిషన్, చివరికి హైకోర్టు. ఏమని అడగాలో తెలియాలంటే ముందు ఆ కారు మీ నాయిన పేరు మీదికి ఎట్లా వచ్చిందో తెలియాలి.

మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అనే ఏర్పాటు ఉంది. రవాణా శాఖ, ఆస్తి పన్ను, కరెంటు, భూమి వంటి వేర్వేరు శాఖల రికార్డులను ఒకచోట చేర్చి, ఫలానా రికార్డులోని మనిషి, ఫలానా కార్డులోని మనిషి ఒక్కరేనా అని అది పోల్చి చూస్తుంది. చాలా రికార్డుల్లో ఆధార్ నంబరు ఉండదు. అందుకే పేరు, తండ్రి పేరు, చిరునామా ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి, ఆ దగ్గరతనం ఒక హద్దు దాటితే ఇద్దరూ ఒక్కరే అని తేలుస్తుంది. అంటే అది చెప్పేది ఒక అంచనా. కంప్యూటర్ తెర మీదికి వచ్చేసరికి ఆ అంచనా 'కారు ఉంది' అనే నిజంలాగా కనబడుతుంది. తెర ముందు కూర్చున్న ఉద్యోగికి అది ఎంత గట్టి పోలికో, ఎంత వదులు పోలికో చాలాసార్లు కనబడదు.

మన దిక్కు పేర్లు ఈ లెక్కకు పెద్ద చిక్కు. వరంగల్, ములుగు, భూపాలపల్లి పక్కన ఏ ఊరికి పోయినా సమ్మయ్యలు, సారయ్యలు, కొమురయ్యలు, మల్లయ్యలు, ఐలయ్యలు నలుగురైదుగురు ఉంటారు. మేడారం జాతర మొక్కుతో సమ్మయ్య, ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నల మొక్కుతో మల్లయ్య. తండ్రి కొడుకులకు తాతల పేర్లు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి 'సమ్మయ్య, తండ్రి మల్లయ్య' అనే జంట ఒక మండలంలోనే పదిమందికి ఉండొచ్చు. ఇంటిపేరు ఒక రికార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్లయ్యను ఒకరు 'ఇ'తో, ఒకరు 'వై'తో మొదలుపెడతారు. ఈ తేడాలను క్షమించి కలపాలనే ఉద్దేశంతోనే పోలిక యంత్రాన్ని వదులుగా పెడతారు. అట్లా పెట్టినప్పుడు ఎల్లయ్య రెండు రూపాలు కలుస్తాయి, అది మంచిదే. కానీ అదే వదులుతో ఇద్దరు వేర్వేరు సమ్మయ్యలు కూడా కలిసిపోతారు.

దీని ప్రభావం ఎంతో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒకచోట 1,000 కార్డులు ఉన్నాయనుకోండి. అందులో నిజంగా కార్లున్న ఇండ్లు 20. యంత్రం ఆ 20లో 18 పట్టుకుంది. మిగతా 980 ఇండ్ల దగ్గర నూటికి రెండుసార్లే తప్పు చేసింది. వినడానికి మంచి యంత్రమే. కానీ 980లో నూటికి రెండంటే దాదాపు 20 ఇండ్లు. అంటే జాబితాకు ఎక్కిన 38 ఇండ్లలో సగానికి పైగా కారు లేనివే. కార్లున్న పేదలు తక్కువ, లేనివాళ్లు ఎక్కువ కాబట్టి తప్పుల సంఖ్య ఇట్లా పెరుగుతుంది. 98 శాతం సరిగ్గా చెప్పే యంత్రం అని ఎవరైనా అన్నప్పుడు, జాబితాలో ఉన్నవాళ్లలో 98 శాతం అనర్హులే అని దాని అర్థం కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే, జాబితాకు ఎక్కిన ప్రతి ఇంటికీ మనిషి పోయి చూడటం ఎందుకు తప్పదో తెలుస్తుంది.

పోలిక సరైనదే అయినా తప్పు జరిగే దారి ఇంకొకటి ఉంది. కారు ఎప్పుడో అమ్మేస్తారు, కొన్నవాళ్లు ఆర్‌సీ తమ పేరు మీదికి మార్చుకోరు. రవాణా శాఖ పుస్తకంలో పాత పేరే ఉంటుంది. లేదా వేరుపడ్డ అన్నదమ్ముల్లో ఒకరి బండి, పాత ఉమ్మడి ఇంటి నంబరు వల్ల ఇంకొకరి ఖాతాలోకి వస్తుంది. మీ ఇంట్లో ఇట్లాంటిది ఉందేమో ముందే నాయినను, చిన్నాయనలను అడిగి తెలుసుకోండి. దరఖాస్తులో 'మాకెవ్వరికీ కారు లేదు' అని రాసి, తర్వాత పాత ఆర్‌సీ ఒకటి బయటపడితే మీ మాటకు విలువ పోతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. మనకు 'యంత్రంతో నిర్ణయాలు' అనే ప్రత్యేక చట్టం లేదు. దాని అవసరం కూడా మీ కేసులో లేదు. ప్రభుత్వం ఒకరి హక్కును తీసేసే ముందు ఎట్లా నడుచుకోవాలో రాజ్యాంగం 14వ అధికరణం కింద కోర్టులు చాలా ఏళ్ల కిందటే తేల్చాయి. నిర్ణయం పుట్టింది కాగితం మీదనా, కంప్యూటర్‌లోనా అన్న తేడా అందులో లేదు. 1969లో ఎ.కె. క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు, ఎదుటివాళ్ల మాట వినకుండా, పక్షపాతంతో నిర్ణయించకూడదనే సహజ న్యాయ సూత్రాలు ఆఫీసులో జరిగే పరిపాలనా నిర్ణయాలకు కూడా వర్తిస్తాయని చెప్పింది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చాక బియ్యం అర్హులైన ఇంటికి హక్కు అయింది. హక్కును తీసేయాలంటే ముందు వినాలి.

వినడం అంటే ఏమిటో ఇంకా దగ్గరగా చూపించే తీర్పు మన హైకోర్టు నుంచే మొదలైంది. అప్పు తీసుకున్నవాళ్లను బ్యాంకులు 'ఫ్రాడ్' అని ముద్ర వేసే పద్ధతి మీద తెలంగాణ హైకోర్టు 2020లో ఇచ్చిన తీర్పును, 2023 మార్చిలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ రాజేశ్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ ముద్రకు ఆధారం ఒక ఆడిట్ రిపోర్టు. ముద్ర వేసే ముందు నోటీసు ఇవ్వాలి, ఆ రిపోర్టులో తేలినదాని మీద వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, తర్వాత కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి అని కోర్టు చెప్పింది. నిబంధనల్లో 'వినాలి' అని రాసి లేకపోయినా, ఉన్నట్టే చదువుకోవాలంది. మీ కేసులో ఆడిట్ రిపోర్టు స్థానంలో కంప్యూటర్ పోలిక ఉంది. అంతే తేడా. దేన్ని చూసి తీసేస్తున్నారో దాన్ని ముందే చూపించాలి. ఏ కారో చెప్పకుండా 'మీకు కారు ఉంది, వివరణ ఇవ్వండి' అనే నోటీసు నోటీసు కాదు. లేని కారు లేదని ఎవరు మాత్రం ఎట్లా రుజువు చేస్తారు? బండి నంబరు చెబితే, ఆ నంబరు ఎవరిదో రవాణా ఆఫీసులో తీయొచ్చు.

కారణం రాసివ్వాలనే బాధ్యతకు ముఖ్యమైన తీర్పు 1990 నాటి ఎస్.ఎన్. ముఖర్జీ కేసు. దానికంటే మీకు చేతిలో పనికొచ్చేది సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(1)(డి). పరిపాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు చెప్పడం ప్రతి ప్రభుత్వ కార్యాలయం బాధ్యత అని అది సూటిగా రాస్తుంది. దరఖాస్తులో ఈ సెక్షన్ నంబరు తప్పక వేయండి. గుమస్తాకు తీర్పుల పేర్లకంటే ఇది తొందరగా తగులుతుంది.

ఏది కారణం, ఏది కాదు? 'పై కార్డుదారు అనర్హులుగా గుర్తించబడినందున రద్దు చేయడమైనది' అనేది కారణం కాదు, అది ఫలితాన్నే రెండోసారి చెప్పడం. 'సిస్టంలో నాలుగు చక్రాల వాహనం ఉన్నట్టు నమోదైనందున' అన్నది సగం కారణం. పూర్తి కారణం ఇట్లా ఉంటుంది: ఫలానా నంబరు కారు, ఫలానా తేదీన రిజిస్టర్ అయింది, యజమాని పేరు, తండ్రి పేరు, చిరునామా ఇవి, మీ కార్డులో ఉన్నవి ఇవి, ఫలానా రోజున ఫలానా హోదా గల ఉద్యోగి మీ ఇంటికి వచ్చి చూశాడు, మీరు ఇట్లా వివరణ ఇచ్చారు, దాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం ఇది, ఫలానా నిబంధన ప్రకారం రద్దు. ఈ వరుసలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే మీ వాదన మొదలవుతుంది.

'పైనుంచే పోయింది' అనే జవాబును మాటగా వినేసి రాకండి, అది మీకు బలం. చట్టం ఒక అధికారికి నిర్ణయించే పని అప్పగిస్తే, అతనే ఆలోచించి నిర్ణయించాలి. జాబితా వచ్చింది కాబట్టి తీసేశాను అంటే, నిర్ణయం అతను తీసుకోలేదనే అర్థం. ఇంకో సంగతి. కేసు పడ్డాక 'అసలు వాళ్ల ఆదాయం కూడా ఎక్కువే' అని కొత్త కారణాలు అఫిడవిట్‌లో చేర్చడానికి లేదు. ఉత్తర్వు ఇచ్చిన రోజున అందులో ఏ కారణం ఉందో దాని మీదే అది నిలబడాలి, పడిపోవాలి అని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ కార్డుల సంగతి సుప్రీంకోర్టు దాకా పోయిందని కూడా తెలుసుకోండి. మన రాష్ట్రంలో రద్దైన దాదాపు 19 లక్షల కార్డుల మీద వేసిన కేసులో, ఇంటింటికీ పోయి తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మీ దరఖాస్తులో ఒక్క వాక్యంగా దీన్ని రాయండి. 'ఇంటికి వచ్చి చూడకుండా తీసేయడం మళ్లీ ఎందుకు జరిగింది' అనే ప్రశ్న అప్పుడు ఆఫీసు ముందు ఉంటుంది.

ఇక దరఖాస్తు. తెల్ల కాగితం మీద, కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్ల సంతకం లేదా వేలిముద్రతో. కార్డు నంబరు, ఇంట్లో మనుషుల పేర్లు పైన రాసి, అసలు విషయం ఈ మేరకు ఉంటే చాలు:

"నా ఆహార భద్రత కార్డు ఫలానా నెల నుంచి రద్దైనట్టు ఆన్‌లైన్‌లో కనబడుతున్నది. రద్దుకు ముందు నాకు నోటీసు రాలేదు, నా ఇంటికి వచ్చి ఎవరూ విచారించలేదు, ఉత్తర్వు ప్రతి అందలేదు. నా పేరున కారు ఉన్నట్టు కార్యాలయంలో నోటి మాటగా చెప్పారు. నా పేరున, నా కుటుంబంలో ఎవరి పేరున కారు లేదు. ఉన్న వాహనం ఒక్క ద్విచక్ర వాహనం, దాని ఆర్‌సీ జిరాక్సు జతపరిచాను. మీరు చూస్తున్న కారు నంబరు, యజమాని తండ్రి పేరు, చిరునామా నాకు తెలియజేసి, నా వివరణ విని, క్షేత్ర విచారణ చేసి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వగలరు. అది తేలేవరకు కార్డును తిరిగి అమలులో ఉంచగలరు."

చివరి వాక్యం మరిచిపోవద్దు. విచారణ ఆర్నెల్లు సాగితే ఆర్నెల్ల బియ్యం పోతుంది. ఇచ్చిన రోజే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఇవ్వొచ్చు. అక్కడ రసీదు నంబరు వస్తుంది, అది తర్వాత ఎంతో పనికొస్తుంది. అయితే ప్రజావాణి అర్జీ తిరిగి అదే తహసీల్ ఆఫీసుకే చేరుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

సమాచార హక్కు దరఖాస్తులో చాలామంది చేసే తప్పు 'నా కార్డు ఎందుకు తీసేశారు' అని అడగడం. ప్రశ్నలకు జవాబు చెప్పక్కర్లేదు, మా దగ్గర ఉన్న రికార్డే ఇస్తాం అని తిప్పి పంపుతారు. రికార్డులనే అడగండి: రద్దు ఉత్తర్వు ప్రతి, దాని మీద సంతకం చేసిన అధికారి హోదా, నాకు పంపిన నోటీసు, అది అందినట్టు రుజువు, క్షేత్ర విచారణ నివేదిక, చేసిన తేదీ, నా కార్డును అనర్హంగా చూపిన డేటా పోలిక ప్రింటు, అందులో ఏ ఏ గడులు కలిశాయి, స్కోరు ఉంటే ఎంత, ఏ ప్రభుత్వ ఉత్తర్వు లేదా సర్క్యులర్ ప్రకారం రద్దు చేశారో దాని ప్రతి, ఫైలు నోట్‌షీటు. 'ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని రాసివ్వండి' అని చివర కలపండి. నోటీసు రికార్డు లేదు, విచారణ నివేదిక లేదు అని వాళ్ల సంతకంతో వస్తే, కోర్టులో అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఫీజు మండల కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు గానీ, మీ కార్డే రద్దైంది కాబట్టి దాన్ని చూపించి మినహాయింపు అడిగితే అక్కడే ఆపుతారు. కట్టేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగమే వచ్చినా మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

రెండు అడ్డంకులు వస్తాయి. ఒకటి, కారు యజమాని వేరే మనిషి అయితే 'అది ఇతరుల వ్యక్తిగత సమాచారం, ఇవ్వం' అంటారు. ఆ మాట అన్నారంటేనే కారు ఇతరులది అని ఒప్పుకున్నట్టు. దాన్ని రాతలో తీసుకోండి. ఫోను నంబరు, పూర్తి చిరునామా నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 కింద అడగొచ్చు. రెండోది, సాఫ్ట్‌వేర్ ప్రైవేటు కంపెనీది, వ్యాపార రహస్యం అనడం. మీకు ప్రోగ్రాము అక్కర్లేదు. మీ కార్డు పక్కన ఏ రికార్డు పెట్టి పోల్చారో ఆ ఒక్క పుట చాలు. ఇది కంపెనీ రహస్యం కాదు, మీ గురించి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయానికి ఆధారం. అల్గారిథం మొత్తం బయటపెట్టాలని పట్టుబడితే ఏళ్లు పడుతుంది, మీ కేసుకు దాని అవసరం లేదు. ఇది నా గట్టి అభిప్రాయం. అది ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో తేల్చుకోవాల్సిన పెద్ద పోరాటం, బియ్యం ఆగిన ఇంటిమీద ఆ బరువు పెట్టకూడదు.

ఒక ఉదాహరణ మీద ఇదంతా ఎట్లా నడుస్తుందో చూడండి. కార్డులో 'సమ్మయ్య, తండ్రి మల్లయ్య, ఇంటి నంబరు 2-45' అని ఉందనుకుందాం. సమాచార హక్కు కింద వచ్చిన పుటలో కారు యజమాని 'సమ్మయ్య, తండ్రి మల్లయ్య' అనే ఉంది, కానీ ఇంటి నంబరు 2-54, ఇంటిపేరు ఒకే అక్షరం. పైపైన చూస్తే ఒక్కరే. అప్పుడు బండి నంబరు పట్టుకుని రవాణా కార్యాలయంలో ఆ రిజిస్ట్రేషన్ వివరాలకు దరఖాస్తు పెట్టాలి. అక్కడి ఫారంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పుట్టిన తేదీ, ఫోటో, సంతకం ఉండొచ్చు. ఇంటిపేర్లు వేరని తేలిందంటే పని అయిపోయినట్టే. వివరాలు ఇవ్వకపోయినా, 'ఫలానా నంబరు కారు రిజిస్ట్రేషన్ పత్రాల్లోని ఆధార్, ఫోటో, సంతకాన్ని నా వాటితో మీరే సరిచూడండి' అని తహసీల్దార్‌ను రాతపూర్వకంగా కోరొచ్చు. అధికారికి రవాణా శాఖ నుంచి ఆ వివరాలు తెప్పించుకోవడం ఒక్క లేఖ పని. అడిగినా చూడకపోతే, 'విన్నాం' అనే మాట ఉత్తుత్తిదే అవుతుంది. ఊళ్లో 2-54లో ఉండే సమ్మయ్య ఎవరో పంచాయతీ కార్యదర్శికి తెలుసు. ఇంటి పన్ను రిజిస్టరు నుంచి ఇద్దరూ వేరని ఆయన రాసిచ్చే రెండు వాక్యాలు కూడా జతచేయండి.

నెల దాటినా ఉత్తర్వు లేకపోతే ఆహార భద్రతా చట్టం సెక్షన్ 15 కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు. సాధారణంగా ఈ బాధ్యత అదనపు కలెక్టర్ స్థాయిలో ఉంటుంది, కలెక్టరేట్‌లో అడిగితే చెప్తారు. ఆయన ఉత్తర్వు మీద అప్పీలు రాష్ట్ర ఆహార కమిషన్‌కు. ఆయన చెప్పిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చని సెక్షన్ 33 చెప్తుంది. బియ్యం అందని నెలలకు సెక్షన్ 8 కింద ఆహార భద్రతా భృతి కూడా అదే ఫిర్యాదులో కోరండి. వస్తుందని ఖాయంగా చెప్పలేను, కోరకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన దగ్గర కేంద్ర చట్టం కిందికి వచ్చే కార్డులతోపాటు రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చే కార్డులు కూడా చాలా ఉన్నాయి. మీది రెండో రకం అయితే సెక్షన్ 15 మాకు వర్తించదు అనొచ్చు. అయినా నోటీసు, వినడం, కారణం అనే మూడూ రాజ్యాంగం నుంచి వచ్చినవి కాబట్టి మీ వాదన ఎక్కడికీ పోదు. అప్పుడు దారి నేరుగా హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్. ముందు దరఖాస్తులు పెట్టి, ముద్రలు వేయించుకుని ఉంటే రిట్ బలంగా ఉంటుంది. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కాబట్టి మీ అమ్మ పేరున పెట్టినా సరిపోతుంది.

కోర్టు ఏమిస్తుందో కూడా ముందే తెలిసి ఉండాలి. చాలా కేసుల్లో కార్డు శాశ్వతంగా ఇవ్వమని రాదు. రద్దు కొట్టేసి, నోటీసు ఇచ్చి విని మళ్లీ నిర్ణయించమని వెనక్కి పంపుతుంది. ఆ రెండో విచారణలో మీ కాగితాలు గట్టిగా ఉండాలి. ఒకవేళ కారు నిజంగా మీదే అయి, నిబంధన ప్రకారం అనర్హులే అయితే, నోటీసు రాలేదనే ఒక్క వాదనతో ఎక్కువ దూరం పోలేరు. వినకపోవడం వల్ల మీకు నష్టం ఏం జరిగింది అని కోర్టు అడుగుతుంది. 'ఇంటిపేరు చూపించి ఉంటే అప్పుడే తేలేది' అనేదే దానికి మీ జవాబు. ఇంకోటి, కారు లేదని తేలినంత మాత్రాన అర్హత మొత్తం తేలదు. ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు, భూమి తరి అయితే మూడున్నర ఎకరాలు, కుష్కి అయితే ఏడున్నర ఎకరాలు దాటొద్దనే హద్దులున్నాయి. పాసు పుస్తకం, ఆదాయ ధ్రువపత్రం ముందే సరిచూసుకోండి.

'ఇదంతా ఎందుకు, మీసేవలో కొత్త కార్డుకు పెట్టుకోండి' అని చాలామంది సలహా ఇస్తారు. ఆఫీసులో కూడా అదే చెప్తారు. తొందరపడొద్దు. కొత్త దరఖాస్తును కూడా అదే డేటాతో పోలుస్తారు, అదే కారు మళ్లీ అడ్డం పడుతుంది. పైగా పాత రద్దును మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది, పోయిన నెలల మాట ఇక ఎత్తలేరు. పాత కార్డునే పునరుద్ధరించమని అడగండి. పునరుద్ధరణ ఉత్తర్వు వచ్చినప్పుడు అందులో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూసుకోండి: 'ఫలానా నంబరు వాహనం ఈ కార్డుదారుకు చెందినది కానందున ఆ జోడింపును డేటాబేసు నుంచి తొలగించవలెను.' అది లేకుండా కార్డు ఒక్కటే తెరిస్తే, మళ్లీ జాబితా నడిపిన రోజున అదే కారు అదే సమ్మయ్యకు తగులుకుంటుంది. ఈసారి కార్డు ఒక్కటే కాకుండా పింఛను దగ్గర కూడా తగలొచ్చు, ఎందుకంటే పోల్చే రికార్డు రెండింటికీ ఒక్కటే.